వెనకంచు దగ్గర కలుసుకోవాలన్న నియమం ఏదీ లేదు: భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు, విజ్ఞాన ప్రదర్శనల న్యాయనిర్ణేతలకు బహిరంగ లేఖ

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఉన్నత పాఠశాలల భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు, జూనియర్ కళాశాలల అధ్యాపకులకు, ప్రతి ఏటా విజ్ఞాన ప్రదర్శనలలో న్యాయనిర్ణేతలుగా వ్యవహరించే పెద్దలకు నమస్కారములు.

నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ పొందినవాడిని. కిందటి ఏడాది ఒక ప్రదర్శనకు కేవలం చూపరిగా వెళ్లాను. భోగాపురంలో విమానాశ్రయ నిర్మాణం మొదలైనప్పటి నుంచి మన పిల్లల నమూనాలలో విమానాలు బాగా పెరిగాయి, ఆ రోజు కూడా నాలుగైదు బల్లల మీద థర్మకోల్ విమానాలు కనిపించాయి. వాటిలో ఒకదాని దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి రెక్క అడ్డుకోత బొమ్మ గీసి పెట్టుకుంది. న్యాయనిర్ణేత ఆమెను, "పైన గాలి ఎందుకు వేగంగా పోతుంది?" అని అడిగారు. ఆమె కొంచెం తడబడి, "రెక్క గాలిని వంచుతుంది సార్, వంగినచోట పీడనం తగ్గుతుంది, అందువల్ల" అన్నది. ఆయన తల అడ్డంగా ఊపి, రెక్క పైభాగం పొడవు ఎక్కువ కాబట్టి, ముందంచు దగ్గర విడిపోయిన గాలి వెనకంచు దగ్గర మళ్లీ ఒకేసారి కలుసుకోవాలి కాబట్టి, పైగాలి వేగంగా పోవలసి వస్తుందని సరిదిద్ది, కాగితం మీద మార్కు తగ్గించి ముందుకు సాగిపోయారు.

ఆయనను నిందించడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆయన చెప్పిన మాటనే నేను ఇరవై ఏళ్లకు పైగా నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఎంతోమంది ఇంజనీర్లు, కొందరు పైలట్లు కూడా అలాగే నేర్చుకున్నారు. అయితే అది తప్పు. చిన్న మినహాయింపు చేర్చితే సరిపోయే తప్పు కాదు, కారణమే తప్పు. ఆ అమ్మాయి చెప్పింది అసంపూర్ణమే కానీ సరైన దారిలో ఉన్న జవాబు. మీలో కొందరైనా కాగితం, పెన్సిలు తీసుకుని నాతో పాటు లెక్క చూస్తారని ఆశిస్తూ రాస్తున్నాను.

మొదట ఈ వివరణలో ఏది నిజమో, ఏది కాదో వేరుచేయాలి. రెక్క పైన గాలి వేగంగా పోతుందన్నది నిజం. అక్కడ పీడనం తక్కువగా ఉంటుందన్నదీ నిజం. వేగానికి, పీడనానికి మధ్య బెర్నౌలీ సూత్రం చెప్పే సంబంధం కూడా ఇక్కడ చక్కగా వర్తిస్తుంది. ఇందులో పనికిరానిది ఒక్క ముక్క మాత్రమే, అదే "ఒకేసారి కలుసుకోవాలి కాబట్టి" అన్నది. ముందంచు దగ్గర విడిపోయిన రెండు గాలి పొరలు వెనకంచు దగ్గర ఒకే క్షణంలో కలవాలని చెప్పే నియమం భౌతికశాస్త్రంలో ఎక్కడా లేదు. ద్రవ్యం నిత్యత్వం అలా చెప్పదు, శక్తి నిత్యత్వం చెప్పదు, న్యూటన్ నియమాలూ చెప్పవు. విజయనగరంలో మూడులాంతర్ల దగ్గర ఇద్దరు మిత్రులు విడిపోయి, కోటకు ఒకరు ఈ పక్క నుంచి, మరొకరు ఆ పక్క నుంచి వెళ్తే, ముందే మాట్లాడుకుంటే తప్ప అవతలి వైపు ఒకే నిమిషంలో చేరవలసిన అవసరం లేదు. గాలి అణువులు ముందుగా మాట్లాడుకునే అవకాశం అసలే లేదు.

నిజానికి అవి కలవవు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన హోల్గర్ బాబిన్‌స్కీ గాలి సొరంగంలో రెక్క ముందు పొగను పాయలుగా, కొద్దికొద్ది విరామాలతో వదిలి, ఆ ముక్కలు రెక్కను దాటే తీరును చిత్రీకరించి చూపించారు. 2003లో ఉపాధ్యాయుల కోసమే రాసిన వ్యాసంలో ఈ విషయాన్ని వివరించారు. అందులో పైనుంచి పోయిన పొగ ముక్క కింది ముక్క కంటే ఎంతో ముందుగా వెనకంచు చేరుతుంది. విడిపోయిన ఆ జంట మళ్లీ ఎప్పటికీ కలవదు. అంటే పైగాలి సమాన కాలానికి అవసరమైన దానికన్నా కూడా ఎక్కువ వేగంతో పోతోందన్నమాట. కలుసుకోవాలన్న తొందరే దానికి కారణమైతే, కలిసే వేగం దగ్గర ఆగిపోయేది కదా!

పొగ చిత్రాలు చూసే వీలు లేనివారికి లెక్క చాలు. శిక్షణకు ప్రపంచమంతటా వాడే నాలుగు సీట్ల సెస్నా 172 వంటి చిన్న విమానాన్ని తీసుకుందాం. గుండ్రటి అంకెల్లో దాని బరువు 1100 కిలోలు, అంటే సుమారు 10,800 న్యూటన్లు. రెక్కల వైశాల్యం 16 చదరపు మీటర్లు. సెకనుకు 60 మీటర్ల వేగంతో, అంటే గంటకు 216 కిలోమీటర్లతో, సముద్రమట్టం దగ్గర సమతలంగా ఎగురుతోందనుకుందాం. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోలు. బరువును రెక్కల వైశాల్యంతో భాగిస్తే ప్రతి చదరపు మీటరు మీద కింది పీడనం పైపీడనం కంటే సగటున 675 పాస్కల్ ఎక్కువ ఉండాలని తేలుతుంది. వాతావరణ పీడనం లక్ష పాస్కల్ అని గుర్తు చేసుకుంటే, విమానాన్ని మోస్తున్న తేడా అందులో ఒక శాతం కూడా కాదు.

ఇప్పుడు సమాన కాల వివరణకు అవకాశం ఇద్దాం. ఇలాంటి విమానాల రెక్కలో పైభాగం పొడవు కింది భాగం కంటే రెండు శాతం ఎక్కువ ఉంటుందని ఉదారంగానే అనుకుందాం. కింద గాలి 60 మీటర్ల వేగంతో పోతే, ఏకకాలంలో చేరడానికి పైగాలి 61.2 మీటర్ల వేగంతో పోవాలి. బెర్నౌలీ సూత్రం ప్రకారం పీడనాల తేడా ఇది:

Δp = ½ × 1.225 × (61.2² − 60²) ≈ 89 Pa

దీనిని 16 చదరపు మీటర్లతో హెచ్చిస్తే సుమారు 1,425 న్యూటన్లు వస్తాయి. అంటే 145 కిలోల బరువు. పైలట్‌ను, ఆయన పక్కన ఒక ప్రయాణికుడిని గాలిలోకి లేపి, విమానాన్ని మాత్రం రన్‌వే మీదే వదిలేసే రెక్క ఇది. కావలసిన బలంలో ఏడో వంతు కూడా సరిగా రాలేదు.

లెక్కను తిరగేసి కూడా చూడవచ్చు. 675 పాస్కల్ తేడా ఇదే వాదంతో రావాలంటే పైగాలి వేగం 68.6 మీటర్లు ఉండాలి, అంటే పైదారి 14 శాతం ఎక్కువ పొడవు ఉండాలి. ముందంచు నుంచి వెనకంచుకు మీటరున్నర వెడల్పు గల రెక్కలో, అడుగుభాగం చదునుగా ఉంటే, పైన ఒక అడుగుకు మించిన ఎత్తుతో ఒంగోలు గిత్త మోపురం లాంటి ఉబ్బు కావాలి. అలాంటి రెక్కను ఏ విమానానికీ మీరు చూసి ఉండరు.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. అదే విమానం వేగాన్ని సగానికి, సెకనుకు 30 మీటర్లకు తగ్గించినా, కింద పడిపోకుండా సమతలంగా ఎగరగలదు. సమాన కాల లెక్కలో మాత్రం వేగం సగమైతే బలం నాలుగో వంతవుతుంది. 145 కిలోలు కాస్తా 36 కిలోలకు దిగుతాయి. విమానం బరువు తగ్గలేదు, రెక్క ఆకారం మారలేదు, పైదారి పొడవు అంగుళం కూడా పెరగలేదు. మారినది ఒక్కటే: పైలట్ ముక్కును పైకెత్తి, ఎదురు గాలితో రెక్క చేసే కోణాన్ని పెంచాడు. వేగంగా పోయేటప్పుడు రెండు డిగ్రీల లోపు ఉన్న కోణం ఇప్పుడు పన్నెండు డిగ్రీల దాకా వచ్చింది. మనం పిల్లలకు చెప్పే వివరణలో ఆ కోణానికి చోటే లేదు. విమానం నడిపేవాడు అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్తగా చూసుకునేదాన్ని మన పాఠం ప్రస్తావించకుండానే ముగుస్తోంది.

కోణానికి పెద్దపీట వేస్తే మిగతా చిక్కుముడులు వాటంతటవే విడిపోతాయి. పైకీ కిందికీ ఒకే వంపు ఉన్న సౌష్ఠవ రెక్కలతో విన్యాస విమానాలు ఎగురుతాయి. సూర్యకిరణ్ బృందం విమానాలు తలకిందులుగా కూడా ఎగురుతాయి. పొడవు వాదమే నిజమైతే, తలకిందులైన రెక్క విమానాన్ని నేలకేసి నొక్కాలి. మన తీరంలో చేపల పడవలకు కట్టే తెరచాప ఒకే పొర గుడ్డ. దాని రెండు వైపులా దారి పొడవు ఒకటే అయినా, గాలి పక్కనుంచి వీచినప్పుడు పడవ ముందుకు సాగుతుంది. టెక్కలి దగ్గరి తేలినీలాపురం చెట్ల మీదికి ఏటా వచ్చే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను మీ పిల్లలకు చూపించండి. వాటి రెక్క ఈకలు పరచుకున్న చోట పలుచని, వంగిన రేకులా ఉంటుంది. 1903 డిసెంబరు 17న ఎగిరిన రైట్ సోదరుల విమానం రెక్కలు కూడా అలా పలుచగా వంగినవే.

మరి సరైన వివరణ ఏమిటి? దీనికి కొత్త భౌతికశాస్త్రం అక్కర్లేదు. పదకొండో తరగతిలో వృత్తాకార చలనం చెప్పేటప్పుడు మనమే చెప్పే సంగతి చాలు. ఏ వస్తువైనా వంపు దారిలో పోవాలంటే వంపు కేంద్రం వైపు ఒక బలం ఉండాలి. గాలి ముద్ద విషయంలో ఆ బలాన్ని ఇచ్చేది దానికి అటూ ఇటూ ఉన్న పీడనాల తేడాయే. కాబట్టి గాలి దారి ఎక్కడ వంగితే అక్కడ, వంపు బయటి వైపు పీడనం ఎక్కువగా, లోపలి వైపు తక్కువగా ఉండి తీరాలి.

ఇక రెక్క దగ్గరికి రండి. రెక్కకు చాలా ఎత్తున వాతావరణ పీడనమే ఉంటుంది. రెక్క పైభాగాన గాలి దారులు కిందికి వంగుతాయి, వంపు కేంద్రం కింద ఉంటుంది. కనుక పైనుంచి రెక్క వైపు దిగుతున్నకొద్దీ పీడనం తగ్గుతూ వచ్చి, రెక్క చర్మం దగ్గర వాతావరణ పీడనం కంటే తక్కువ అవుతుంది. రెక్క కింద కూడా గాలి దారులు కిందికే వంగుతాయి, అయితే ఇక్కడ రెక్క ఉన్నది వంపుకు బయటి వైపు. కనుక దూరం నుంచి రెక్క వైపు ఎక్కుతున్నకొద్దీ పీడనం పెరిగి, రెక్క అడుగున వాతావరణ పీడనాన్ని మించుతుంది. ఒకే సూత్రం రెండు వైపులకూ జవాబు ఇచ్చింది. ఈ రెండింటిలో సాధారణంగా పైవైపు వాటాయే పెద్దది. అందువల్ల కింది తలానికి గాలి కొట్టుకుని రెక్కను లేపుతుందని, పైతలానికి పని లేదని కొందరు చెప్పే రెండో వివరణ కూడా నిలవదు.

వేగం సంగతి ఇప్పుడు దానంతట అదే తేలుతుంది. ముందు నుంచి వస్తున్న గాలి ముద్ద వాతావరణ పీడనం ఉన్న చోటు నుంచి తక్కువ పీడనం ఉన్న చోటుకు అడుగు పెడుతున్నప్పుడు, దాని వెనక ఎక్కువ పీడనం, ముందు తక్కువ పీడనం ఉంటాయి కనుక ముందుకు తోయబడి వేగం పుంజుకుంటుంది. ఆ చోటు దాటి వెనకంచు వైపు పోతున్నప్పుడు మళ్లీ పీడనం పెరుగుతుంది కనుక నెమ్మదిస్తుంది. రెక్క కింద దీనికి తలకిందులుగా గాలి సాధారణంగా కొంత నెమ్మదిస్తుంది. బెర్నౌలీ సూత్రం చెప్పేది అచ్చంగా ఇదే. దానిని మనం తప్పుపట్టడం లేదు, దాని ముందు తగిలించిన అబద్ధపు కారణాన్ని మాత్రమే తీసివేస్తున్నాం. ప్రవాహం అంతటా వంపు, పీడనం, వేగం ఒకదానినొకటి నిలబెట్టుకుంటూ ఒకేసారి ఏర్పడతాయి. ఏది ముందు పుట్టిందని అడిగితే మాత్రం చెట్టు ముందా విత్తు ముందా అన్న వాదనలో పడతాం.

పైగాలి రెక్క వంపును ఎందుకు వదలదన్న ప్రశ్న మంచి విద్యార్థి తప్పక అడుగుతాడు. గాలి నేరుగా పోతే రెక్క వెనక వాలులో ఖాళీ మిగలాలి. ఆ ఖాళీలో పీడనం పడిపోగానే పైన ఉన్న వాతావరణమే గాలిని కిందికి నొక్కి రెక్కకు ఆనిస్తుంది. ఇక గాలి వెనకంచును చుట్టి పైకి తిరగకుండా, ఆ పదునైన అంచు దగ్గర సాఫీగా విడిపోవడానికి మూలం గాలిలోని స్వల్పమైన స్నిగ్ధత. కుట్టా, జుకోవ్‌స్కీ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఈ వెనకంచు షరతు ఆధారంగానే రెక్కను పైకి లేపే బలాన్ని, అంటే లిఫ్ట్‌ను, లెక్కగట్టే పద్ధతిని నిలబెట్టారు. పాఠశాల స్థాయిలో ఇంతకు మించి వెళ్లనవసరం లేదని నా అభిప్రాయం.

ఇదే సంగతిని న్యూటన్ వైపు నుంచి చూస్తే లెక్క ఇంకా అందంగా ఉంటుంది. రెక్కను దాటిన గాలి కొంచెం కిందికి వాలి పోతుంది. రెక్క గాలిని కిందికి నెట్టింది కాబట్టి గాలి రెక్కను పైకి నెట్టింది. మన విమానం రెక్కల చివరి నుంచి చివరికి కొలత 11 మీటర్లు. అంత వ్యాసం ఉన్న వృత్తంలోని గాలి మొత్తం సమానంగా కిందికి తిరుగుతుందని లెక్కకోసం అనుకుంటే, సిద్ధాంతం ఇచ్చే సరైన బలమే వస్తుంది. అలాంటి గోడ గాలిలో నిజంగా ఉండదని మాత్రం పిల్లలకు చెప్పాలి. ఆ వృత్తం వైశాల్యం 95 చదరపు మీటర్లు, అందులోంచి సెకనుకు పోయే గాలి 1.225 × 95 × 60, అంటే దాదాపు 7000 కిలోలు. 10,800 న్యూటన్ల బలం కావాలంటే ఆ ఏడు టన్నుల గాలికి సెకనుకు మీటరున్నర వేగంతో కిందికి కదలిక ఇస్తే చాలు. అది మనిషి నడక వేగం. సెకనుకు ఏడు టన్నుల గాలిని నడక వేగంతో కిందికి దించుతూ పోవడమే ఎగరడం! బెర్నౌలీ లెక్క, న్యూటన్ లెక్క రెండు వేర్వేరు బలాలు కావు, వాటిని కూడకూడదు. రెక్క చర్మం దగ్గర నిలబడి కొలిస్తే పీడనం కనిపిస్తుంది, వెనక నిలబడి కొలిస్తే కిందికి పోయే గాలి కనిపిస్తుంది.

స్టాల్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పొడవు వాదాన్ని పూర్తిగా కూల్చేది అదే. కోణం పెంచుతూ పోతే సుమారు 15 డిగ్రీల దగ్గర లిఫ్ట్ పెరగడం ఆగి పడిపోతుంది. రెక్కను ఆనుకుని ఉన్న పలుచని గాలి పొర రాపిడి వల్ల ముందే నెమ్మదించి ఉంటుంది. కోణం పెరిగేకొద్దీ వెనకంచు వైపు పీడనం నిటారుగా పెరుగుతుంది కనుక, ఆ నీరసించిన పొర ఆ ఎగువను ఎక్కలేక ఆగి, వెనక్కి తిరిగి, రెక్కను వదిలేస్తుంది. దానితో పైగాలి వంపు పోతుంది, వంపుతో పాటు తక్కువ పీడనమూ చాలావరకు పోతుంది. రెక్క పైదారి పొడవు స్టాల్‌కు ముందు ఎంతో, తరువాత కూడా అంతే.

తరగతిలో చేసి చూపగల ప్రయోగం ఒకటి సూచిస్తాను, నేను ఇంట్లో చేసినది. వంటింటి డిజిటల్ త్రాసు మీద సన్నని పుల్ల నిలబెట్టి, దానికి 30 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చదునైన అట్టముక్కను కోణం మార్చగలిగేలా బిగించాలి. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాలి, అయితే ఫ్యాన్ గాలి సుడి తిరుగుతూ వస్తుంది కనుక, మధ్యలో అట్టపెట్టె నిండా కూల్‌డ్రింక్ స్ట్రాలను అడ్డంగా పేర్చి గాలి అందులోంచి వచ్చేలా చేయాలి. గాలి త్రాసు పళ్లెం మీద పడకుండా అట్టతో మరుగు కట్టాలి, లేకపోతే అంకెలు నిలవవు. కోణం సున్నా దగ్గర త్రాసును సున్నా చేసి, తరువాత ముందంచును కొద్దికొద్దిగా ఎత్తితే త్రాసు రుణ అంకె చూపుతుంది. సెకనుకు మూడు మీటర్ల గాలిలో అది ఎనిమిది గ్రాముల లోపే, కానీ స్పష్టంగా కనిపిస్తుంది. రెండు వైపులా ఒకే పొడవు ఉన్న అట్ట లేస్తోంది! అట్ట పైన వెనకంచు దగ్గర రెండంగుళాల కుట్టుదారపు ముక్కలు అంటిస్తే, తక్కువ కోణాల్లో అవి వెనక్కి చాచి ఉంటాయి, కోణం మరీ పెరిగితే అల్లాడి ముందుకు తిరుగుతాయి. స్టాల్‌ను కళ్లతో చూడటమంటే అదే. ఇంత చిన్న అట్టకు, ఇంత నెమ్మది గాలికి స్టాల్ 15 డిగ్రీల కంటే ముందే రావచ్చు, లిఫ్ట్ కూడా ఒక్కసారిగా పడకపోవచ్చు. అందువల్ల ఆ అంకెలను నిజమైన విమానానికి అంటగట్టకూడదు.

ఇదే సందర్భంలో మన కాగితపు ముక్క ప్రదర్శనను కూడా పునరాలోచించమని కోరుతున్నాను. పెదవి కింద కాగితం పట్టుకుని పైన ఊదితే కాగితం లేస్తుంది, నిజమే. కాని అదే కాగితాన్ని నిలువుగా వేలాడదీసి ఒక పక్కన పైనుంచి నేరుగా కిందికి ఊదండి. అది ఆ వైపుకు రాదు. వేగం ఉన్నంత మాత్రాన ఊదిన గాలి పీడనం గది పీడనం కంటే తక్కువ కాదు. మొదటి దాంట్లో కాగితం వంగి ఉంది, దాని వెంట గాలి కూడా వంగింది. తేడా అంతా అక్కడే ఉంది.

నా విన్నపం చిన్నది. ఈ ఏడు ప్రదర్శనలలో "పైగాలి వేగంగా ఎందుకు పోతుంది?" అన్న ప్రశ్నకు "కలుసుకోవాలి కాబట్టి" అన్నది సరైన జవాబుగా మార్కుల కాగితంలో ఉంచకండి. ఆ జవాబు ఇచ్చిన పిల్లలకు మార్కు తగ్గించనూ వద్దు, ఎందుకంటే వారికి అది నేర్పింది మనమే. దాని బదులు "ఎందుకు కలుసుకోవాలి?" అని అడిగి, వాళ్లు ఆలోచించే దాకా రెండు నిమిషాలు ఆగండి. కోణం గురించి, కిందికి వాలే గాలి గురించి, వంపు గురించి ఎవరైనా మాట్లాడితే పూర్తి మార్కులు ఇవ్వండి. త్రాసు, స్ట్రాల పెట్టె, అట్టముక్క ఉన్న నా సరంజామా ఒక సంచిలో సర్ది పెట్టాను. రెండు జిల్లాలలో ఏ పాఠశాల వారు అడిగినా బస్సులో తీసుకొచ్చి చూపించగలను. ఫ్యాన్ మాత్రం మీరే ఏర్పాటు చేయాలి.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
విజయనగరం